ముఖ్య అతిథిని పరిచయం చేసే విద్యార్థి వ్యాఖ్యాతకు: తరచుగా అడిగే ప్రశ్నలు

బడి వార్షికోత్సవం తేదీ నోటీసు బోర్డు మీదకు ఎక్కిన మర్నాడే ఎవరో ఒక పిల్లో పిల్లవాడో తెల్లకాగితం పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడతారు. "ముఖ్య అతిథి పరిచయం నాకు ఇచ్చారండి, ఏమి రాయాలి?" తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న ప్రతి ఏడూ నా దగ్గరకే వస్తుంది. ఏళ్ల తరబడి చెప్పిన జవాబులనే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఇందులో ఎక్కువ భాగం పిల్లలు చేసిన తప్పుల నుంచి నేర్చుకున్నదే.

పరిచయం ఎంతసేపు ఉండాలి?

ఒక నిమిషం. అతిథి మరీ పెద్దవారైతే నిమిషంన్నర. అంతకు మించితే అది పరిచయం కాదు, అతిథి ప్రసంగానికి అడ్డం.

రిహార్సళ్లలో వాచీ పెట్టి చూశాను. తొమ్మిదో తరగతి పిల్లలు తొందరపడకుండా, ఆగవలసిన చోట ఆగుతూ చదివితే నిమిషానికి సుమారు 90 మాటలు వస్తాయి. తెలుగు మాటలు పొడుగు. "ఆహ్వానిస్తున్నాము" అనే ఒక్క మాటే నోట్లో కాసేపు ఉంటుంది. కాబట్టి మీ కాగితం మీద 90, మహా అయితే 130 మాటలు ఉండాలి. రాశాక లెక్కపెట్టండి. ఎక్కువైతే కొట్టేయండి తప్ప వేగంగా చదివి సరిపెట్టవద్దు.

వేదిక మీదకు పిలవడమూ పరిచయం చేయడమూ ఒకటేనా?

కాదు. సభలో మీరు అతిథి పేరు కనీసం రెండుసార్లు పలుకుతారు. మొదటిసారి సభ ప్రారంభంలో, వేదిక మీద కూర్చోమని పిలిచేటప్పుడు. రెండోసారి వారు ప్రసంగించడానికి లేచే ముందు. మొదటిదానికి ఒక్క వాక్యం చాలు: "మన ముఖ్య అతిథి, జంతు వైద్యులు, డాక్టర్ ఫలానా గారిని వేదికను అలంకరించవలసిందిగా కోరుతున్నాము." అసలు పరిచయం రెండోసారి చేయాలి.

చాలా బడుల్లో పరిచయమంతా మొదట్లోనే ముగించేస్తారు. తరువాత జ్యోతి ప్రజ్వలన, స్వాగత గీతం, వార్షిక నివేదిక, రెండు నాట్యాలు. అతిథి మైకు ముందుకు వచ్చేసరికి గంట గడిచిపోతుంది. వారెవరో, ఎందుకు వచ్చారో పిల్లలు అప్పటికే మరిచిపోయి ఉంటారు. మీ సభ పట్టిక అలా ఉంటే దాన్ని తయారుచేసిన ఉపాధ్యాయుణ్ణి అడిగి, పరిచయాన్ని ప్రసంగానికి ముందుకు మార్పించండి. మర్యాదగా అడిగితే మారుస్తారు. మార్చకపోతే ప్రసంగానికి ముందు రెండు వాక్యాలైనా చెప్పే అవకాశం అడగండి.

అతిథి వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

వారి దగ్గరే. బడి తరఫున వారిని పిలిచిన ఉపాధ్యాయుడు ఎవరో కనుక్కుని, ఆయన ద్వారా ఫోనులో మాట్లాడండి. ఇంటర్నెట్‌లో దొరికినదాన్ని మాత్రం నమ్ముకోవద్దు. ఒకే పేరుగల వారు ఇద్దరుంటారు, ఒకరి పురస్కారం మరొకరికి అంటుకుంటుంది. పాత హోదా అలాగే మిగిలిపోయి ఉంటుంది. మూడేళ్ల క్రితం పదవీ విరమణ చేసిన ఆయనను "ప్రస్తుతం" అని పరిచయం చేస్తే, ఆయన మైకు ముందుకు వచ్చి మొట్టమొదట దాన్నే సరిదిద్దుకోవలసి వస్తుంది.

ఫోనులో ఐదే ప్రశ్నలు అడగండి. మీ పేరును ఎలా పలకమంటారు? ఇప్పుడు మీ హోదా ఏమిటి? మా పిల్లలకు ఏ విషయం గురించి చెప్పబోతున్నారు? మీ పనిలో పిల్లలకు చెప్పదగిన ఒక సంఘటన ఏమైనా ఉందా? పరిచయంలో చెప్పవద్దని మీరు అనుకునేది ఏమైనా ఉందా?

ఐదోది అడగడానికి పిల్లలు మొహమాటపడతారు, కానీ చాలా అవసరమైనది అదే. కొందరికి ఒకప్పటి పదవి ప్రస్తావన నచ్చదు. కొందరికి కుటుంబ విషయాలు సభలో రావడం ఇష్టం ఉండదు. ఒకాయన తన వయసు చెప్పవద్దన్నారు. కారణం మనకెందుకు?

వారు రెండు పేజీల వివరాలు పంపారు. అందులో ఏవి ఉంచాలి?

దీనికి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. రెండేళ్ల క్రితం మా బడిలో జరిగినదే చెబుతాను.

ఆ ఏడు ముఖ్య అతిథి ఒక జంతు వైద్యురాలు. మా బడిలోనే చదివారు. పంపిన కాగితాల్లో పుట్టిన తేదీ, చదువులు, ఏ ఏడు ఏ హోదాలోకి మారారు, ఏయే సంఘాల్లో సభ్యులు, రాసిన పరిశోధన పత్రాలు, అందుకున్న ప్రశంసాపత్రాలు, అన్నీ వరుసగా ఉన్నాయి. తప్పేమీ లేదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు అలాగే రాస్తారు. పరిచయం బాధ్యత తీసుకున్న తొమ్మిదో తరగతి అమ్మాయి దాన్నంతా వాక్యాలుగా మార్చి తెచ్చింది. "ఫలానా సంవత్సరంలో జన్మించారు, ఫలానా సంవత్సరంలో పట్టా పొందారు" అంటూ 260 మాటలు. నేను ఆ కాగితం తిరిగి ఇచ్చి ఒకటే అడిగాను: "ఇది విన్నాక ఆరో తరగతి పిల్లవాడు ఇంటికి వెళ్లి వాళ్లమ్మకు ఏమి చెబుతాడు?" ఆ అమ్మాయి ఆలోచించి, "ఎవరో డాక్టరుగారు వచ్చారని చెబుతాడు" అంది. అంటే 260 మాటల్లో మిగిలింది ఒక్క మాట.

తరువాత ఇద్దరం కలిసి కాగితం మీద పెన్సిలుతో గీతలు కొట్టుకుంటూ వెళ్లాం. కొలబద్ద ఒకటే: ఈ వివరం వింటే పిల్లలకు వారి మాటలు వినాలనిపిస్తుందా? పుట్టిన తేదీతో వినాలనిపించదు, పోయింది. పట్టాలలో ఒక్కటీ అక్కర్లేదు, "వైద్యులు" అన్న మాటలోనే చదువు ఉంది. సంఘాల సభ్యత్వాలు ఆ సంఘాల సభల్లో చెప్పుకోవలసినవి. పరిశోధన పత్రాల సంఖ్య దగ్గర ఆ అమ్మాయి కొంచెం వాదించింది, అది గొప్ప కదా అని. గొప్పే. కానీ అది సాటి వైద్యులకు తెలుస్తుంది, మన పిల్లలకు వట్టి అంకె. చివరకు మిగిలినవి మూడు: పందొమ్మిదేళ్లుగా జంతు ప్రదర్శనశాలలో పనిచేస్తున్నారు, ఇప్పుడు అక్కడి వైద్యశాలకు అధిపతి, మన బడి పూర్వ విద్యార్థిని.

మూడూ నిజాలే, మూడూ అవసరమే. అయినా చప్పగా ఉన్నాయి. అప్పుడు ఫోనులో అడిగిన నాలుగో ప్రశ్న అక్కరకు వచ్చింది. ఆవిడ ఒక ఏనుగు సంగతి చెప్పారట. కాలి గోరు సందులో రాయి ఇరుక్కుని ఏనుగు ఎవరినీ దగ్గరకు రానివ్వలేదట. ఆ రాయి తీయడానికి నాలుగు గంటలు పట్టిందట. రెండు పేజీల్లో ఎక్కడా లేని విషయం ఇది. పరిచయానికి ప్రాణం పోసింది ఇదే.

తయారైన ప్రసంగం ఎలా ఉంది?

ఇలా ఉంది. అతిథి పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు.

"ఒకసారి ఒక ఏనుగు కాలి గోరు సందులో రాయి ఇరుక్కుంది. ఆ ఏనుగు కాలు కింద ఆనించలేదు, ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. దాన్ని మాటలతో మచ్చిక చేసుకుని, ఆ రాయిని బయటికి తీయడానికి మన ముఖ్య అతిథికి నాలుగు గంటలు పట్టింది.

వీరు జంతు వైద్యులు. పందొమ్మిదేళ్లుగా జంతు ప్రదర్శనశాలలో పనిచేస్తున్నారు. ప్రస్తుతం అక్కడి వైద్యశాలకు అధిపతి.

ఇరవై ఎనిమిదేళ్ల క్రితం వీరు మన బడిలోనే పదో తరగతి చదివారు. మన గ్రంథాలయం ఉన్న గదే అప్పట్లో వీరి తరగతి గది.

నోరులేని రోగికి నొప్పి ఎక్కడుందో ఎలా కనిపెడతారో ఈ రోజు మనకు చెబుతామన్నారు.

ఇప్పుడు మనతో మాట్లాడబోతున్నారు, మన బడి పూర్వ విద్యార్థిని, జంతు వైద్యులు, డాక్టర్ ఫలానా గారు!"

మొత్తం 80 మాటల దాకా ఉంది. నాలుగు భాగాలూ వేరువేరు పనులు చేస్తున్నాయి. ఏనుగు సంగతి చెవులు నిక్కించడానికి. హోదా, అనుభవం వారి మాటకు బలం ఇవ్వడానికి. గ్రంథాలయం గది వారిని మనవారిని చేయడానికి. నోరులేని రోగి వాక్యం రాబోయే ప్రసంగానికి గుమ్మం తెరవడానికి. ఆ గది సంగతి కూడా ఫోనులోనే తెలిసింది. సభ జరుగుతుండగా పిల్లలు కొందరు తలలు తిప్పి గ్రంథాలయం వైపు చూశారు, నేను గమనించాను.

మొదటి చిత్తులో తొలి వాక్యం ప్రశ్నగా ఉండేది: "ఏనుగు కాలిలో రాయి ఇరుక్కుంటే ఎవరు తీస్తారు?" రిహార్సల్‌లో వెనక వరుస నుంచి "మావటివాడు!" అని ఒకరు, "ఇంకో ఏనుగు!" అని మరొకరు అరిచారు. హాలంతా నవ్వు, ఆ అమ్మాయికి తరువాతి వాక్యం గుర్తు రాలేదు. పిల్లల సభలో ప్రశ్న వేస్తే జవాబు వస్తుంది. ఆ గోల అణిగేదాకా చిరునవ్వుతో ఆగగలిగిన వాళ్లే ప్రశ్నతో మొదలుపెట్టాలి. మిగతావాళ్లకు మామూలు వాక్యమే క్షేమం.

అతిథి చెప్పబోయే విషయాన్ని ఒక్క వాక్యంలో సూచించి వదిలేశాం, చూడండి. కుక్కలు చెవులు ఎలా పెడతాయి, గుర్రం ఎలా నిలబడుతుంది అంటూ మనమే చెప్పేస్తే వారికి మిగిలేది ఏమీ ఉండదు.

పేరు ముందు చెప్పాలా, చివర చెప్పాలా?

చివర. పేరు వినగానే చప్పట్లు మొదలవుతాయి, చప్పట్లలో అతిథి లేచి వస్తారు. పేరు మొదట్లోనే చెప్పేస్తే చప్పట్లూ మొదట్లోనే అయిపోతాయి, తరువాత వారు నిశ్శబ్దంలో నడిచి రావాలి.

అయితే తెలుగులో ఇక్కడ ఒక చిక్కుంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. "డాక్టర్ ఫలానా గారిని ప్రసంగించవలసిందిగా సవినయంగా కోరుతున్నాము" అంటే పేరు ముందు వచ్చేసింది, వెనక మూడు పొడుగు మాటలు మిగిలాయి. చప్పట్లు పేరు దగ్గరే పుడతాయి. ఆ మూడు మాటలూ చప్పట్ల కింద నలిగిపోతాయి. లేదా జనం మర్యాదకు ఆగి, "కోరుతున్నాము" దాకా విని, అప్పటికి ఊపు తగ్గి నీరసంగా కొడతారు. ఎన్ని సభల్లో చూశానో!

ఉపాయం సులువు. క్రియను ముందుకు తెచ్చి, పేరును ఒంటరిగా చివర నిలబెట్టండి. "ఇప్పుడు మనతో మాట్లాడబోతున్నారు... డాక్టర్ ఫలానా గారు!" మాట్లాడేటప్పుడు మనం రోజూ ఇలాగే అంటాం: "వచ్చాడు మా తమ్ముడు" అంటే వినడానికి ఏ ఇబ్బందీ లేదు. పేరుకు ముందు చిన్న విరామం ఇవ్వండి, పేరు మీద గొంతు కాస్త పెంచండి, "గారు" దగ్గర పూర్తిగా ఆపేయండి. ఆ తరువాత "ధన్యవాదాలు" కూడా అనవద్దు. ముందుగా మీరే చప్పట్లు మొదలుపెట్టండి.

ఇంకో చిన్న లాభం కూడా ఉంది. "మన పూర్వ విద్యార్థిని ఆహ్వానిస్తున్నాము" అన్నప్పుడు వచ్చినది విద్యార్థో విద్యార్థినో వినేవారికి తెలియదు. పేరును చివరకు తెస్తే "ని" విభక్తి అవసరమే ఉండదు, అనుమానమూ ఉండదు.

పేరు ముందు శ్రీ, శ్రీమతి, డాక్టర్, ప్రొఫెసర్... ఏవి తగిలించాలి?

ముందు ఒకటి, వెనక "గారు", అంతే. "శ్రీ డాక్టర్ ప్రొఫెసర్" అంటూ మూడు తోరణాలు కట్టవద్దు. డాక్టర్ ఉంటే శ్రీ అక్కర్లేదు. "శ్రీమతి"ని అడగకుండా వాడవద్దు, పెళ్లి కాని వారికీ, ఆ మాట ఇష్టం లేని వారికీ అది ఇబ్బంది. "గారు" ఒక్కటి అందరికీ చెల్లుతుంది. పురస్కారం ఉంటే దాన్ని వేరే వాక్యంలో చెప్పండి, బిరుదులా పేరుకు అంటించవద్దు.

ఇంటిపేరు పలకాలా, పొడి అక్షరాలు చాలా అన్నది వారినే అడగండి. పొడి అక్షరాలకు మీరే విస్తరణ ఊహించడం ప్రమాదం.

ఇక "కీర్తిశేషులు" సంగతి. ఒక పిల్లవాడు పాత కార్డులో ఆ మాట చూసి, గంభీరంగా ఉందని ముచ్చటపడి, "కీర్తిశేషులైన మన ముఖ్య అతిథి" అని మైకులో చదివేశాడు. కీర్తి మాత్రమే మిగిలినవారు, అంటే కాలం చేసినవారు. అతిథి పెద్దమనసుతో నవ్వి, "ఇంకా కొన్నాళ్లు ఉందామనుకుంటున్నాను బాబూ" అన్నారు. తప్పు మాత్రం నాది, ముందుగా ఆ కాగితం నేను చూడలేదు. అర్థం నిక్కచ్చిగా తెలియని మాటను మైకులో పలకవద్దు.

"ఆయన", "వారు", "వీరు": ఏది? "నేను" అనాలా, "మేము" అనాలా?

వేదిక మీద ఎదురుగా ఉన్నారు కాబట్టి "వీరు" బాగుంటుంది. ఒకసారి "వీరు" అన్నాక చివరిదాకా అదే ఉంచండి. అతిథి చిన్ననాటి సంగతి చెప్పేటప్పుడు పిల్లలు జారిపోతారు: "వీరు మన బడిలో చదివారు, అప్పుడు పరుగు పందెంలో మొదటి స్థానంలో వచ్చింది" అంటారు. అప్పటికి చిన్నపిల్లే అయినా ఇప్పుడు మన అతిథి, కాబట్టి "వచ్చారు". రాసిన కాగితంలో క్రియలన్నింటి కిందా గీత గీసి, అన్నీ "-రు"తో ముగిశాయో లేదో ఒకసారి చూసుకోండి.

మీరు బడి తరఫున మాట్లాడుతున్నారు కాబట్టి "కోరుతున్నాము". "నాకు ఈ అవకాశం ఇచ్చిన వారికి కృతజ్ఞతలు" వద్దు. ఆ నిమిషం మీది కాదు.

"సౌమ్యులు, స్నేహశీలి, నిగర్వి, మృదుభాషి" అని రాయవచ్చా?

రాయకండి. ఈ నాలుగూ ఏ అతిథికైనా అతుకుతాయి, అందుకే ఎవరినీ చూపించవు. పైగా మీరు వారిని ఇంతకు ముందు కలవలేదు. నిగర్వి అని మీకెలా తెలుసు? "నాలుగు గంటలు ఏనుగు పక్కన కూర్చున్నారు" అంటే ఓర్పు గలవారని పిల్లలే అనుకుంటారు.

"పరిచయం అక్కర్లేని వ్యక్తి" అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు పరిచయం చేసేవారినీ చూశాను. "వీరిని పరిచయం చేయడమంటే సూర్యుణ్ణి దివిటీతో చూపించడమే" అన్నదీ అలాంటిదే. ఒకప్పుడు ఎవరో బాగానే అని ఉంటారు, ఇప్పుడు ప్రతి సభలోనూ అదే దివిటీ.

ఏ మాటలు పలకడంలో తడబడతారు?

మొట్టమొదట "అతిథి". సగం మంది "అతిధి" అంటారు, బ్యానర్ల మీద కూడా అలాగే అచ్చవుతుంది. ఇందులో ఉన్నది "తిథి"లోని "థ". ఫలానా తిథికి వస్తానని చెప్పకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు వ్యుత్పత్తి చెబుతారు. తేదీ ఖరారు చేసుకుని, కార్డు అచ్చు వేయించి పిలిచే మన ముఖ్య అతిథికి ఆ లెక్కన ఆ పేరు కుదరదు గానీ, "థ" మాత్రం కుదరాలి. "విద్యార్థి"లోనూ అదే "థ".

"ముఖ్య"ను "ముక్య" అనవద్దు, ఖ దగ్గర కొంచెం ఊపిరి వదలాలి. "ఆహ్వానం" చాలామంది నోట "ఆవ్హానం" అవుతుంది. ముందు హ, తరువాత వ. నాలుక తిరగకపోతే "పిలుస్తున్నాము" అనండి, మర్యాదకేమీ లోటు రాదు. "అలంకరించవలసిందిగా" లాంటి పొడుగు మాటను మధ్యలో విరచవద్దు, దానికి ముందు ఊపిరి తీసుకుని ఒక్క బిగిన పలకాలి. రోజూ పదిసార్లు గట్టిగా పలికితే వారంలో నాలుకకు అలవాటవుతుంది. మనసులో చదువుకుంటే మాత్రం అలవాటు కాదు.

చూసి చదవవచ్చా, కంఠస్థం చేయాలా?

మొదటి వాక్యమూ చివరి వాక్యమూ చూడకుండా రావాలి. మధ్యలోది కార్డు చూసి చెప్పవచ్చు. ఆ రెండు వాక్యాల దగ్గర మీ కళ్లు జనం మీద ఉండాలి. చివరిదాని దగ్గర పేరు పలుకుతూ అతిథి వైపు తిరగాలి.

పల్చని కాగితం వద్దు. చేయి కొద్దిగా వణికినా కాగితం రెపరెపలాడుతుంది, మైకు ఆ చప్పుడునూ పట్టేస్తుంది. అరచేతికి సరిపోయే మందపాటి అట్ట ముక్క తీసుకోండి. పెద్ద అక్షరాలతో, ఒక వరుసలో ఒక ఊపిరికి సరిపడేంత మాత్రమే రాయండి. పేరును అన్నిటికంటే పెద్దగా, వేరే రంగులో రాయండి. కంగారులో ముందు జారిపోయేది పేరే, ఎన్నిసార్లు నేర్చుకున్నా సరే. ఫోను చూసి చదవవద్దు: తెర ఆరిపోతుంది, లేదా సరిగ్గా ఆ క్షణానే ఎవరో ఫోను చేస్తారు.

మైకు దగ్గర ఏమి చూసుకోవాలి?

నోటికీ మైకుకూ మధ్య పిడికిలి పట్టేంత దూరం. తట్టి చూడవద్దు, ఊదవద్దు. సభకు ముందే ఒక వాక్యం మాట్లాడి, వెనక వరుసలో నిలబడ్డ స్నేహితుణ్ణి వినిపించిందా అని అడగండి. ఖాళీ హాలులో గట్టిగా వినిపించిన గొంతు జనం నిండాక తగ్గుతుంది, అది గుర్తుంచుకోండి.

పేరు చెప్పగానే మైకు వదిలేసి వెళ్లిపోవద్దు. అతిథి రెండు అడుగుల దూరానికి వచ్చేదాకా అక్కడే ఉండి, నమస్కరించి, పక్కకు తప్పుకోండి. మైకు స్టాండు మీ ఎత్తుకు దించి ఉంటే వారికి తగినట్టు ఎత్తేవారెవరో ముందే మాట్లాడుకోండి. అతిథి వంగి మాట్లాడవలసి వస్తే ప్రసంగమంతా వారికి నడుము నొప్పే.

నా కంటే ముందు మాట్లాడినవారే అతిథి గురించి అన్నీ చెప్పేశారు. ఇప్పుడేం చేయాలి?

ఇది తరచూ జరుగుతుంది. స్వాగత వచనాల్లోనే ప్రధానోపాధ్యాయులు హోదాలూ చదువులూ చెప్పేస్తారు. అయినా ఏనుగు సంగతి చెప్పి ఉండరు. హోదా వాక్యాలు వదిలేసి, సంఘటన చెప్పి, తిన్నగా పేరుకు వెళ్లిపోండి. ఏనుగు సంగతీ చెప్పేసి ఉంటే చివరి రెండు వాక్యాలు చాలు. పరిచయం చిన్నదైందని ఎవరూ నొచ్చుకోరు.

అతిథి ఆలస్యంగా వస్తే? అసలు వేరేవారు వస్తే?

ఆలస్యమైతే "మరికొద్ది క్షణాల్లో" అని పదేపదే చెప్పవద్దు, రెండోసారికే ఎవరూ నమ్మరు. తరువాతి కార్యక్రమం పిలిచేయండి. ఇందుకోసం ముందే ఒక పాటో పద్యమో సిద్ధంగా పెట్టుకోవాలి.

వారి బదులు మరొకరు వస్తే కార్డులో పేరు మాత్రం మార్చి చదవడం అన్నిటికంటే ఘోరం. ఏనుగు రాయి తీసినది ఆవిడ, వచ్చినది బ్యాంకు ఉద్యోగి అయితే? వారు కుర్చీలో కూర్చోగానే దగ్గరకు వెళ్లి, పేరు, హోదా, ఏమి మాట్లాడబోతున్నారు అని మూడే అడిగి, మూడు వాక్యాలు చెప్పండి. రానివారి గురించి మీరు వివరణ ఇవ్వనవసరం లేదు, అది పెద్దలు చూసుకుంటారు.

తప్పు చెప్పేస్తే?

పేరు తప్పితే వెంటనే "క్షమించండి" అని సరైన పేరు మరోసారి స్పష్టంగా పలకండి. హోదా తప్పినా అంతే. ఒక వాక్యం మరిచిపోతే మాత్రం వెనక్కి వెళ్లకండి. ఆ వాక్యం ఉందని మీకు తప్ప సభలో ఎవరికీ తెలియదు.

వారి ప్రసంగం అయ్యాక నేను ఏమైనా అనాలా?

ఒక్క వాక్యం. "ఎంతో చక్కగా, ఎంతో విలువైన మాటలు చెప్పారు" అనేది విననివారు కూడా అనగల మాట. మీరు విన్నారని తెలిసేలా, వారు చెప్పిన ఒక్క విషయం పట్టుకోండి. అందుకే ప్రసంగం జరుగుతున్నంతసేపూ వేదిక పక్కన నిలబడి తరువాతి అంశం కాగితాలు వెతుక్కోకుండా వినాలి.

ఆ రోజు డాక్టరుగారు, నొప్పి ఉన్న కుక్క తరచూ ఒకేచోట నాక్కుంటుందని చెప్పారు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి మైకు ముందుకు వచ్చి, "మా ఇంటి కుక్క వారం నుంచి ముందు కాలు నాక్కుంటోంది. ఇంటికి వెళ్లగానే చూస్తాను. ధన్యవాదాలు డాక్టరుగారూ" అంది. కార్డు మీద ఆ వాక్యం లేదు. డాక్టరుగారు కుర్చీలోంచే, "వేళ్ల సందున కూడా చూడమ్మా" అన్నారు.